ఒక్కడికి వారం సరుకుల లిస్టు: 2,000 కేలరీలు, 95 గ్రాముల ప్రోటీన్ లెక్కతో

తిన్న ప్రతి ముద్దనీ ఫోన్‌లో రాసుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. ఒక కప్పు సాంబారు అని రాయమంటుంది యాప్, ఆ కప్పు ఎంత, అందులో పప్పు ఎంత, నీళ్లెంత, తిరగమోతలో నూనె ఎంత, ఇవన్నీ ఎవరికి తెలుసు? అందుకని లెక్కని ప్లేటు దగ్గర నుంచి తీసేసి సరుకుల సంచి దగ్గర పెట్టాను. తిరుపతిలో ఒక్కడినే ఉంటాను, వండేదీ నేనే తినేదీ నేనే, కాబట్టి ఇంట్లోకి ఏం వచ్చిందో తెలిస్తే ఒంట్లోకి ఏం పోయిందో తెలిసినట్టే. కిరాణా కొట్టువాడు స్టాకు చూసుకున్నట్టు సోమవారం పొద్దున డబ్బాల్లో ఉన్నది, వారంలో కొన్నది కూడి, మళ్లీ ఆదివారం రాత్రి మిగిలింది తీసేస్తే, నేను తిన్నది వస్తుంది. అంతా పచ్చి సరుకు బరువే. వండాక తూకం వేస్తే లెక్క కుదరదు, ఎందుకంటే వంద గ్రాముల బియ్యం అన్నమయ్యేసరికి నీళ్లని బట్టి 250 అవుతుంది, 300 కూడా అవుతుంది. పచ్చి బియ్యం మాత్రం ఎప్పుడూ వంద గ్రాములకి 350 కేలరీల చుట్టుపక్కలే.

ముందు ఏమీ మార్చకుండా, ఎప్పుడూ తినేదే తింటూ ఒక వారం ఇలా తూచి చూశాను. కావాల్సింది వంటింటి తూకం మిషన్ ఒకటి, ఒక నోటు పుస్తకం. తేలిందేమిటంటే బియ్యం కిలోన్నర, నూనె 400 మిల్లీలీటర్లు. ఈ రెండే ఎనిమిదిన్నర వేల కేలరీలు! పప్పు పావుకిలో, గుడ్లు ఆరు, పాలు మూడున్నర లీటర్లు, చికెన్ అరకిలో, మిగతాది చక్కెర, బయట టిఫిన్లు, సాయంత్రం బజ్జీలు. బయటివాటికి ఉజ్జాయింపుగా వేసుకుంటే రోజుకి 2,250 కేలరీల దాకా వచ్చింది, ప్రోటీన్ మాత్రం 55 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలో శరీర బరువుకి 0.83 గ్రాములు. నా 74 కిలోలకి అదే 61 అవుతుంది. అంటే కడుపు నిండా తింటూనే కనీసం అనదగ్గ దానికన్నా తక్కువలో ఉన్నాను, పైగా ఆ 55లో సగం దాకా బియ్యం, పప్పుల నుంచే.

టార్గెట్ ఎలా పెట్టుకున్నానంటే, వయసు, ఎత్తు, బరువు పెట్టి ఫార్ములా వేస్తే నాకు బరువు మారకుండా ఉండటానికి 2,300 దగ్గర వచ్చింది, తూచిన వారం లెక్క కూడా దానికి దగ్గరగానే ఉంది కాబట్టి నమ్మాను. కొవ్వు తగ్గాలి కాబట్టి 300 తీసేసి 2,000 అనుకున్నాను. ప్రోటీన్ 95. జిమ్‌లో బరువులు ఎత్తుతూ తిండి తగ్గించేవాళ్లకి కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు చెబుతారు, నేను కింది వైపు ఆగాను, ఎందుకంటే 120 పెట్టుకుంటే మన వంటల్లో అది నాలుగు రోజుల ముచ్చటే. (కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ అంకెలు పట్టుకోకండి, డాక్టరు చెప్పిందే మీకు లెక్క.) వారానికి చూస్తే 14,000 కేలరీలు, 665 గ్రాముల ప్రోటీన్. రోజు లెక్క మర్చిపోయి ఈ రెండు అంకెలే తలుపు వెనక కాగితం మీద రాసుకున్నాను. ఒక రోజు 80, ఇంకో రోజు 110 అయినా ఏమీ కాదు.

లిస్టు రాసేటప్పుడు వరస ముఖ్యం. మామూలుగా మనం బియ్యంతో మొదలుపెడతాం, దాని పక్కన మిగతావి చేరతాయి. నేను ప్రోటీన్ ఇచ్చేవి ముందు రాసి, తర్వాత నూనె, ఆఖరున మిగిలిన కేలరీలకి బియ్యం రాశాను.

గుడ్లు రోజుకి మూడు. శనివారం మాత్రం లేదు, తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి అది చెప్పక్కర్లేదు. ఆరు రోజులకి 18, గుడ్డుకి 6 గ్రాముల పైన, మొత్తం 113 గ్రాములు. పాలు రోజుకో అరలీటరు టోన్డ్ ప్యాకెట్, సగం కాఫీకి, సగం తోడుకి, వారానికి 110. చికెన్ వారానికి కిలో. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే కిలో అంటే కిలో మాంసం కాదు. స్కిన్‌లెస్ కొట్టించినా ఎముక పోను 650 గ్రాములు దొరికితే గొప్ప. ఒకసారి తిన్నాక ఎముకలన్నీ తూచాను, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. 650కి లెక్కేస్తే 130 గ్రాముల ప్రోటీన్. చాలామంది కిలోకి 200 పైనే రాసేసుకుంటారు, లెక్క అక్కడే పోతుంది.

తర్వాత ఎండు సరుకులు. కందిబేడలు పావుకిలో, పెసలు 200 గ్రాములు పెసరట్టుకి, మీల్ మేకర్ 100, పుట్నాల పప్పు 100, వేరుశనగ గింజలు 100. ఇవన్నీ కలిపి 200 గ్రాముల ప్రోటీన్ ఇస్తాయి. మీల్ మేకర్ ప్యాకెట్ మీద వంద గ్రాములకి 52 అని ఉంటుంది, అది ఎండువాటికి. నానబెట్టి పిండినవాటిని తూచి 52 వేసుకుంటే మోసపోతాం, నీళ్లు తాగి అవి రెండు మూడు రెట్లవుతాయి. వేరుశనగని నేను ప్రోటీన్ లిస్టులో రాయడం మొహమాటానికే. వంద గ్రాములకి 25 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 560 కేలరీలు కూడా వస్తాయి కాబట్టి అది నా దృష్టిలో నూనె గింజే. కానీ చిత్తూరు జిల్లా మనిషి ఇంట్లో చెనక్కాయలు లేకుండా ఊరుబిండి ఎట్లా, సంగటిలోకి ఏముంటుంది, అందుకని ఉంచాను, 100 దాటకుండా.

ఇక నూనె. 400 నుంచి 150 మిల్లీలీటర్లకి తెచ్చాను. చెంచాలు కొలిచి వేయడం రెండు రోజులే జరుగుతుంది. అందుకని పాత తేనె సీసా ఒకటి కడిగి, 150 దగ్గర మార్కర్‌తో గీత గీసి, ఆదివారం రాత్రి పెద్ద ప్యాకెట్ నుంచి అంతవరకు నింపి, పెద్దది అటక మీద పెట్టేస్తాను. వారమంతా ఆ సీసానే. మొదట్లో గురువారానికల్లా సీసా అడుగు కనిపించేది, శుక్ర శనివారాలు ఉడకబెట్టిన పప్పు, మజ్జిగ, కాల్చిన వంకాయ పచ్చడితో గడిచేవి. ఆ సీసానే నాకు నూనె నేర్పింది, ఏ యాప్ చెప్పినా నేను వినేవాడిని కాదు. నాన్‌స్టిక్ పెనం మీద పెసరట్టుకి అరచెంచా చాలు, వేపుడికే ఎక్కువ పోతుంది, అందుకని బెండకాయ వేపుడు వారానికి ఒకసారే, అదీ ముందు ముక్కల్ని పెనం మీద ఉత్తినే మగ్గించి తర్వాత నూనె వేస్తాను.

ఇవన్నీ రాశాక, కూరగాయలు, ఆకుకూరలకి 600, అరటిపళ్లకి 500, చక్కెర, ఒక బయట టిఫిన్‌కి కలిపి 1,200 కేలరీలు పక్కన పెడితే, ధాన్యానికి మిగిలింది 3,400. దాంట్లో రాగిపిండి 300 గ్రాములు, బియ్యం 700 గ్రాములు. కిలోన్నర బియ్యం తినేవాడు 700కి రావడం అంటే వినడానికి భయంగా ఉంటుంది. నిజానికి రోజుకి వంద గ్రాముల బియ్యం అంటే ఒక మంచి పూట అన్నం. రెండో పూట సంగటో పెసరట్టో ఉంటుంది కాబట్టి ఆకలి అనిపించలేదు, పప్పు, చికెన్ పెరిగాయి కదా. ధాన్యంలో, కూరగాయల్లో ఉన్న ప్రోటీన్ కూడా కలిపితే మొత్తం 660 దాటింది. కావాల్సింది అంతే.

లిస్టు రాయడం ఒక ఎత్తు, ఇంట్లో సరుకు ఒకరికి తగ్గట్టు ఉంచుకోవడం ఇంకో ఎత్తు. కొట్టులో అంతా కుటుంబానికి లెక్క. ఇరవై అయిదు కిలోల బియ్యం మూట నాకు ఎనిమిది నెలలు వస్తుంది, ఈలోగా పురుగులు నాకన్నా ముందు తినేస్తాయి. అయిదు కిలోలు తెస్తాను. ఎండు సరుకులకి నా పద్ధతి ఏంటంటే ప్రతి డబ్బాకీ బయట రెండు గీతలు. పై గీత నాలుగు వారాల సరుకు, కింది గీత ఒక వారం సరుకు. కందిబేడల డబ్బాకి పై గీత కిలో దగ్గర, కింది గీత పావుకిలో దగ్గర. ఆదివారం చూసినప్పుడు కింది గీతకి దిగిన డబ్బా ఏదో అదే కొట్టు లిస్టులోకి వెళ్తుంది, మిగతావాటి జోలికి పోను. రాగిపిండికి మాత్రం ఈ నాలుగు వారాల లెక్క పెట్టలేదు, పిండి పాతబడితే చేదొస్తుంది కాబట్టి మిల్లులో అరకిలో చొప్పునే ఆడించుకుంటాను. వేరుశనగ కూడా పావుకిలో మించి తేను, ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, చేదుగా ఉన్నవి ఏరి పారేస్తాను, బూజు పట్టిన గింజ వేయించినా మంచిది కాదు.

చికెన్ ఆదివారం పొద్దున తెస్తాను. కొట్టతను నన్ను చూడగానే "అన్నా, కిలోనే కదా, నాలుగు కవర్లా?" అంటాడు. ముక్కలు కడిగి నాలుగు భాగాలు చేసి, ఒకటి ఆ రోజుకి, ఒకటి కింద ఫ్రిజ్‌లో మర్నాటికి, రెండు ఫ్రీజర్‌లో. ఫ్రీజర్‌వి వండే ముందు రోజు రాత్రే కింది అరలోకి దించాలి, బయట గట్టు మీద పెడితే మన ఎండలకి గంటలో పైన మెత్తబడి వాసన మొదలవుతుంది, లోపల ఇంకా రాయిలాగే ఉంటుంది. కూరగాయలు రైతు బజారులో, వారానికి మూడు కిలోల లోపు. ఆకుకూర ముందు రెండు రోజుల్లో అయిపోవాలి, తర్వాత వంకాయ, బీన్స్, ఆఖరికి గుమ్మడి, దోసకాయ, అట్లా వాడిపోయే వరసలోనే వంట. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు చేసుకుంటే కందిబేడల్లో కోత పెడతాను, కానీ పచ్చి గింజలో నీళ్లెక్కువ కాబట్టి ఎండు పప్పు లెక్కలో మూడో వంతే వేసుకుంటాను. అంతకన్నా ఎక్కువ వేసుకోవాలని నోరు లాగుతుంది గానీ లెక్క ఒప్పుకోదు.

అసలు పరీక్ష పెరటాసి నెలలో వచ్చింది. మా వైపు సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా ఇంట్లో గుడ్డు, మాంసం ఉండదు. నేను ఒక్కడినే ఉంటున్నాను కదా అనుకుంటే, అమ్మ పలమనేరు నుంచి ఫోన్ చేసి మరీ, "నాయనా, ఈ నెల ఆ కోడిగుడ్ల ట్రే తేవద్దు, శనివారం పిండి దీపాలు పెట్టుకో" అంటుంది. సరే మా. కానీ గుడ్లు, చికెన్ పోతే వారానికి 243 గ్రాముల ప్రోటీన్, 2,170 కేలరీలు పోతాయి. పప్పు రెట్టింపు చేస్తే సరిపోతుందని అందరూ అనేస్తారు. ఆ 243 గ్రాములు కందిబేడల నుంచే రావాలంటే అదనంగా కిలోకి పైగా పప్పు తినాలి, దాంతో 3,700 కేలరీలు వస్తాయి, కడుపు ఉబ్బరం అదనం.

కాబట్టి పెరటాసికి వేరే లిస్టు రాశాను. మీల్ మేకర్ 100 నుంచి 200. పనీర్ 400 గ్రాములు, రెండు ప్యాకెట్లు. పాలు ఇంకో లీటరున్నర, అంతా పెరుగుకే. పెసలు ఇంకో 100. ఉలవలు 150 గ్రాములు, ఉలవచారుకి కాదు, చారులో గింజ పిప్పి పక్కకి పోతుంది, నాకు కావాల్సింది గింజ, అందుకని గుగ్గిళ్లు. ఇవన్నీ కలిపితే ప్రోటీన్ 228 వచ్చింది, కేలరీలు మాత్రం 3,200. అంటే పోయినవాటికన్నా వెయ్యి ఎక్కువ. దీనికి ప్రధాన కారణం పనీర్, పాలల్లోని కొవ్వు. ఆ వెయ్యికి బియ్యంలో 300 గ్రాములు తీసేశాను, అక్కడ ఇంకో 23 గ్రాముల ప్రోటీన్ పోయింది. ఆఖరికి వారానికి 38 గ్రాములు తక్కువ, రోజుకి 90 దగ్గర. వదిలేశాను. ఆ అయిదు గ్రాముల కోసం పౌడర్ డబ్బా కొనమన్నాడు జిమ్‌లో ఒక తమ్ముడు. అవసరమైనవాళ్లు కొనుక్కోవచ్చు, తప్పేం లేదు, నెల రోజులకి 95 నుంచి 90 అయితే కండ కరిగిపోదు.

ఆ నెలలో ఉలవ గుగ్గిళ్లు, మీల్ మేకర్ ఒకే రోజు పెట్టుకోకూడదని కూడా తెలిసింది, పొట్ట బాంబులా అవుతుంది. ఉలవలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే కొంచెం నయం. మీల్ మేకర్ వేడినీళ్లలో నానాక గట్టిగా పిండి, మళ్లీ చన్నీళ్లలో ఒకసారి పిండితే ఆ పచ్చివాసన పోతుంది, అప్పుడు కొబ్బరి వెయ్యకుండా మిరియాలు, ఉల్లిపాయతో వేయిస్తే నాకైతే బాగానే ఉంటుంది. శనివారాలకి మామూలు నెలల్లో కూడా ఇదే కూర ఖాయం చేశాను, ఎండువి 50 గ్రాములు, ఒక్క కూరలోనే 26 గ్రాముల ప్రోటీన్.

లడ్డూ సంగతి చెప్పకపోతే తిరుపతి లిస్టు కాదు. కొండ మీదికి ఎవరు వెళ్లొచ్చినా ప్రసాదం ఇంటికొస్తుంది, వద్దనలేం, వద్దనకూడదు. శనగపిండి, చక్కెర, నెయ్యి, గ్రాముకి నాలుగు కేలరీలకి తగ్గదు, మామూలు లడ్డూ 175 గ్రాములు కాబట్టి ఒక్కటే ఏడు వందలు దాటుతుంది. నేను చేసేది, వచ్చిన రోజే ఒక ముక్క నోట్లో వేసుకుని మిగతాది ఆఫీసులో పంచడం. ఇంట్లో ఉంచుకున్న వారం మాత్రం ఆ 1,200ల బయటి ఖాతాలోంచి ఏడొందలు కొట్టేస్తాను, ఆ వారం బయట దోశ లేదు.

లెక్క పక్కకి పోతోందని రెండు చోట్ల తెలుస్తుంది. ఒకటి ఆదివారం రాత్రి డబ్బాలు. గుడ్లు ఆరు మిగిలి, బియ్యం గీత కింద ఉంటే వంటకి బద్ధకించి అన్నం, ఊరగాయతో సరిపెట్టుకున్నానని అర్థం. అన్నీ మిగిలిపోతే బయట తిన్నానన్నమాట, అది నోటు పుస్తకంలో ఉండదు గానీ డబ్బాలో ఉంటుంది. రెండోది బరువు. రోజూ పొద్దున చూసుకుంటాను కానీ వారం సగటు మాత్రమే రాసుకుంటాను, ఎందుకంటే ఉప్పుచేప తిన్న మర్నాడు కిలో పెరుగుతుంది, అది నీళ్లు. మూడు వారాల సగటు కదలకపోతే అప్పుడు లిస్టులో చేయి పెడతాను. ముందు నూనె 20 మిల్లీలీటర్లు, తర్వాత బియ్యం 100 గ్రాములు, ఈ రెండూ కలిపి వారానికి 500 కేలరీల పైచిలుకు తగ్గుతాయి. గుడ్లు, పాలు, చికెన్, పప్పుల వరసలు ముట్టుకోను.

మొన్న వేసవిలో అలా ఒకసారి తగ్గించాను, అదే వారం అమ్మ బేనిషా మామిడిపళ్ల పెట్టె పంపింది. అరటిపళ్ల వరస కొట్టేసి అక్కడ మామిడి రాశాను, రోజుకి ఒకటి, మిగిలినవి పక్కింటి ఆంటీకి.